రిపోర్టులో ఆ ‘L’ ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక మహిళ రక్త పరీక్ష రిపోర్టులో హిమోగ్లోబిన్ 12.4 గ్రాములు అని ఉంది. పక్కన బోల్డు అక్షరాల్లో ‘L’, అంటే తక్కువ. ఇంట్లో అందరికీ కంగారే. కానీ ఆ వరసలోనే ఉన్న రిఫరెన్స్ రేంజ్‌ను ఎవరూ చూడలేదు: 13 నుంచి 17. అది మగవాళ్ల రేంజ్! కౌంటర్‌లో వివరాలు ఎక్కించేటప్పుడు ‘పురుషుడు’ అని నమోదైంది. అదే ల్యాబ్‌లో ఆడవాళ్లకు వాడే రేంజ్ 12 నుంచి 15. దాంతో పోలిస్తే 12.4 నార్మల్.

కంప్యూటర్ చేసేది పోలిక మాత్రమే. కింది హద్దుకు తగ్గితే ‘L’, పై హద్దు దాటితే ‘H’, మధ్యలో ఉంటే ఏ గుర్తూ ఉండదు. అందుకే ముందు వయసు, లింగం, యూనిట్ సరిచూసుకోవాలి. హద్దులు ల్యాబ్‌ను బట్టి కొంత మారతాయి కాబట్టి పక్క ల్యాబ్ రేంజ్‌తో పోల్చకూడదు.

ఇంకో సంగతి. సాధారణంగా ఆరోగ్యవంతుల్లో మధ్యనున్న 95 శాతం మంది విలువలనే రేంజ్‌గా తీసుకుంటారు. అంటే ఏ జబ్బూ లేకున్నా, ఒక్కో పరీక్షలో నూటికి ఐదుగురికి గుర్తు పడుతుంది! గుర్తు పడని విలువ కూడా ఆరోగ్యానికి హామీ కాదు. కారణం తేల్చాల్సింది మనిషిని, పాత రిపోర్టులను కలిపి చూసే డాక్టరే.