ట్యాబులు పెరిగితే ల్యాప్‌టాప్ ఎందుకు మొరాయిస్తుంది?

బ్రౌజర్‌లో తెరిచిన పేజీలన్నీ ఒకే ప్రోగ్రాంగా నడవవు. 2008లో క్రోమ్ వచ్చినప్పటి నుంచే అది ట్యాబులను వేర్వేరు ప్రాసెస్‌లుగా నడుపుతోంది. ఒక పేజీ ఆగిపోయినా మిగతావి మూతపడకూడదన్నది దీని ఉద్దేశం. 2018లో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక ఈ విభజన ఇంకా కట్టుదిట్టమైంది. ఒకే పేజీలో కనిపించే వేరే సైటు వీడియో, ప్రకటన వంటివి కూడా విడి ప్రాసెస్‌లలోకి వెళ్లాయి. దీంతో ఒక సైటు సమాచారం మరో సైటుకు చిక్కే ముప్పు తగ్గింది. అయితే ప్రతి ప్రాసెస్‌కూ కొంత మెమరీ విడిగా కావాలి. బ్రౌజర్ ర్యామ్‌ను ఎక్కువగా వాడటానికి ఇదొక ముఖ్య కారణం.

ర్యామ్ ఎక్కువ వాడటమే తప్పు కాదు, అది చాలనప్పుడే ఇబ్బంది. 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌నే తీసుకుందాం. విండోస్‌కూ దాని వెనుక నడిచే ప్రోగ్రాంలకూ 3 జీబీ పోయిందనుకుంటే మిగిలేది 5 జీబీ. పేజీని బట్టి ట్యాబు వాడే మెమరీ మారుతుంది. సగటున 200 ఎంబీ చొప్పున లెక్కేసినా 25 ట్యాబులతో ఆ 5 జీబీ నిండిపోతుంది. ఇరవై ఆరో ట్యాబు తెరిస్తే విండోస్ పాత ట్యాబుల డేటాను కుదిస్తుంది, కొంత డిస్కులోని pagefile.sys అనే ఫైల్లోకి తరలిస్తుంది. ఆ పాత ట్యాబును మళ్లీ నొక్కినప్పుడు డేటా అంతా డిస్కు నుంచి వెనక్కి రావాలి. ర్యామ్ కంటే డిస్కు చాలా నెమ్మది కాబట్టి తెర కాసేపు బిగుసుకుపోతుంది. ఎస్ఎస్‌డీ బదులు పాత హార్డ్ డిస్కు ఉంటే ఈ జాప్యం మరీ ఎక్కువ.

లక్షణాలను బట్టి కారణాన్ని కొంతవరకు పోల్చుకోవచ్చు. ట్యాబు మార్చిన ప్రతిసారీ ఆలస్యమవుతూ, విండోస్ టాస్క్ మేనేజర్‌లో Memory 90 శాతం దాటి, Disk కూడా పైపైకి పోతుంటే మెమరీ చాలడం లేదని అర్థం. మెమరీ ఖాళీగానే ఉన్నా ఫ్యాన్ హోరెత్తి ల్యాప్‌టాప్ వేడెక్కుతుంటే, ఏదో పేజీ ప్రాసెసర్‌కు ఊపిరాడనివ్వడం లేదన్నమాట.

ఆ పేజీ ఏదో బ్రౌజరే చూపిస్తుంది. విండోస్‌లో క్రోమ్ తెరిచి ఉండగా Shift+Esc నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో అయితే అడ్రస్ బార్‌లో about:processes అని టైప్ చేయాలి. క్రోమ్ పట్టికలో Memory footprint అన్న శీర్షికపై నొక్కితే వరుసలు మెమరీ క్రమంలో అమరుతాయి. పేజీలకు ముందు Tab అని, ఎక్స్‌టెన్షన్లకు ముందు Extension అని ఉంటుంది. రోజుల తరబడి తెరిచే ఉంచిన మెయిల్, తనంతట తాను తాజా అయ్యే వార్తల పేజీ తరచూ పై వరుసల్లోనే కనిపిస్తాయి. అవసరం లేనిదాన్ని ఎంచుకుని End process నొక్కితే ఆ మెమరీ వెంటనే ఖాళీ అవుతుంది. ఆ పేజీలో సగం రాసిన విషయం మాత్రం పోతుంది.

ఎక్స్‌టెన్షన్ల అసలు బరువు ఈ పట్టికలో పూర్తిగా తెలియదు. వ్యాకరణం సరిచూసేవి, కూపన్లు వెతికేవి తమ కోడ్‌ను తెరిచిన ప్రతి పేజీలోకీ చొప్పిస్తాయి. ఆ భారం ఎక్స్‌టెన్షన్ వరుసలో కాకుండా ట్యాబుల లెక్కలో కలిసిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఇన్‌కాగ్నిటో విండోలో ఎక్స్‌టెన్షన్లు మామూలుగా పనిచేయవు. అదే పేజీ అక్కడ చురుగ్గా తెరుచుకుంటే అనుమానించాల్సింది ముందుగా వాటినే. chrome://extensions లో ఒక్కోదాన్నీ ఆపి చూస్తే అసలు కారణం దొరుకుతుంది. అప్పుడప్పుడే పనికొచ్చేదైతే దాని Details లోకి వెళ్లి, సైట్ల అనుమతిని On click కు మార్చవచ్చు. అప్పుడది పిలిచినప్పుడే పేజీలోకి వస్తుంది.

ట్యాబులు మూయడం కుదరని వారికి క్రోమ్‌లో Memory Saver ఉంది. chrome://settings/performance లో దాన్ని ఆన్ చేస్తే, కొంతసేపు తాకని ట్యాబు పేరు మాత్రం పైన ఉండి, దాని మెమరీ ఖాళీ అవుతుంది. మళ్లీ నొక్కినప్పుడు పేజీ ఇంటర్నెట్ నుంచి కొత్తగా లోడవుతుంది. పాట వినిపిస్తున్న ట్యాబు, డౌన్‌లోడ్ జరుగుతున్న ట్యాబు వంటివాటి జోలికి ఇది పోదు. ఎప్పుడూ సిద్ధంగా ఉండాల్సిన ఆఫీసు సైటును అక్కడి మినహాయింపుల జాబితాలో చేర్చుకోవచ్చు. ఎడ్జ్‌లో ఇదే పనికి Sleeping tabs ఉంది.

క్యాష్ తుడిచేయడం వల్ల ఈ సమస్య తీరదు. ఆ ఫైళ్లలో ఎక్కువ భాగం ఉండేది డిస్కులో. వాటిని తొలగిస్తే పేజీలు మొదటిసారి ఇంకా ఆలస్యంగా తెరుచుకుంటాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నా కొద్ది ట్యాబులకే వెసులుబాటు ఉంటుంది. అదనపు ర్యామ్ పెట్టే వీలుంటే అలాంటి చోట అదే సరైన మందు.