వడ్లు ఆరబోసిన రోడ్డు మీద రాత్రి బండి ఎంత స్పీడులో నడపాలి?

తొర్రూరు నుంచి వర్ధన్నపేట మీదుగా వరంగల్‌కు పోయే హైవే రాత్రి పదింటికి చాలావరకు ఖాళీగా ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద అరవైలో పోతే తప్పేంటి?

రోడ్డు ఖాళీయా కాదా అన్నది అసలు ప్రశ్న కాదు. మీ లైటు ఎంత దూరం చూపిస్తుందన్నదే ప్రశ్న. మామూలు బైకుకు లో బీమ్‌లో నల్లటి వస్తువు కనబడేది దాదాపు ముప్పై, నలభై మీటర్ల దూరంలోనే. అనుకోని వస్తువు కంటబడ్డాక అదేంటో తెలుసుకుని బ్రేకు మీద చెయ్యి పడేసరికి రాత్రిపూట సెకనున్నర పడుతుందనుకుందాం. అరవైలో ఉన్న బండి ఆ సెకనున్నరలోనే 25 మీటర్లు పోతుంది. ఆ తర్వాత పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినా ఆగడానికి ఇంకో 28 మీటర్లు కావాలి. మొత్తం 53. అంటే వస్తువు కనబడింది, బ్రేకూ వేశారు, అయినా గుద్దుకున్నారు. నలభైలో అయితే లెక్క 29 మీటర్ల దగ్గర ఆగుతుంది. హై బీమ్‌లో ఇంకా దూరం కనబడుతుంది కాబట్టి ఎదురుగా ఎవరూ లేనప్పుడు కొంచెం పెంచవచ్చు. లైటు డిమ్ చేసిన క్షణమే స్పీడు కూడా దిగాలి. చాలామంది లైటు ఒక్కటే దించుతారు.

మన దగ్గర ఆ నల్లటి వస్తువు ఊహించుకోవలసింది కాదు. వానకాలం, యాసంగి కోతలప్పుడు రోడ్డు అంచున వడ్లు ఆరబోస్తారు. రాత్రి మంచుకు, వానకు తడవకుండా టార్పాలిన్ కప్పుతారు. గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతారు. నల్ల కవరు వెలుతురును తిప్పి పంపదు, రాయి కూడా అంతే. జాగా లేని రైతును తిట్టి లాభం లేదు, అక్కడ కుప్ప ఉంటుందనుకునే బండి నడపాలి.

మరి కనబడనిదాన్ని ఎలా పట్టుకోవాలి? వస్తువు కోసం కాదు, రోడ్డు అంచున ఉండే తెల్ల గీత కోసం చూడండి. ఆ రంగులో గాజు పూసలు కలుపుతారు కాబట్టి లైటు పడగానే మెరుస్తుంది. మెరుస్తూ వస్తున్న గీత ఒకచోట తెగిపోయిందంటే దాని మీద ఏదో ఉంది: కుప్ప, ఆగిన ట్రాలీ, పడుకున్న బర్రె. గీత చెరిగిపోయిన చోట్లూ ఉంటాయి, అప్పుడు ఊరికే స్పీడు తగ్గించినట్టవుతుంది, నష్టమేం లేదు. కుప్ప దాటేటప్పుడు పక్కన చెదిరిన గింజలు టైరు కింద దొర్లుతాయి. అక్కడ బండి వంచి పక్కకు తిప్పకండి, ముందు బ్రేకు పట్టకండి. స్పీడంతా కుప్ప రాకముందే, బండి నిటారుగా ఉండగానే దించుకోవాలి.

ఎదురుగా లారీ హై బీమ్‌తో వచ్చిందనుకోండి. ఆ వెలుగు కంట్లోనే చెదిరి, చూపు మీద తెల్లటి తెరలా పరుచుకుంటుంది. గీతలు పడ్డ హెల్మెట్ అద్దం దాన్ని ఇంకా పెంచుతుంది. లారీ దాటిపోయాక కూడా చూపు వెంటనే తిరిగి రాదు, కంటిపాప ముడుచుకున్నంత తొందరగా విచ్చుకోదు. మూడు సెకన్లు సరిగ్గా కనబడలేదనుకుంటే అరవైలో 50 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. కాబట్టి లారీ ఇంకా దూరంగా ఉండగానే ఒకసారి డిప్పర్ కొట్టి, మీ లైటు దించి, యాక్సిలరేటర్ వదలండి. చూపును ఎడమ అంచు గీత మీద పెట్టండి. పంతానికి మీరూ హై బీమ్ వేస్తే ఇద్దరికీ కనబడదు. రెండు బండ్ల వెలుగుల మధ్య నడిచే మనిషి పూర్తిగా మాయమవుతాడు. ఎదుటి లైటు ఒక్క క్షణం ఆరి వెలిగినట్టయితే మధ్యలో ఎవరో అడ్డం వచ్చారనుకోవాలి.

ఎదురుగా ఒకటే లైటు వస్తే బైకని నమ్మకండి. ఒక లైటు పోయిన ట్రాక్టరు కావచ్చు, దాని ట్రాలీ ఆ వెలుగు కంటే చాలా వెడల్పు ఉంటుంది.

మీ లైటు కూడా ఒకసారి చూసుకోండి. వెనక మనిషి, ముందు బియ్యం సంచి ఉంటే బండి వెనక్కి కుంగి, లో బీమ్ కూడా పైకి లేచి ఎదుటివాళ్ల కంట్లో పడుతుంది, మీ ముందు రోడ్డేమో చీకటవుతుంది. గోడకు ఐదు మీటర్ల దూరంలో సమతలంగా బండి పెట్టి, వెనక రోజూ కూర్చునే మనిషిని కూర్చోబెట్టి చూడండి. లో బీమ్ పై అంచు మీ హెడ్‌లైటు ఎత్తు కంటే ఐదు నుంచి పది సెంటీమీటర్లు కిందికి పడాలి. అంతకంటే పైకి పడుతుంటే మెకానిక్ దగ్గర స్క్రూ తిప్పించుకుంటే చాలు.

ముందు ఒక కారు పోతుంటే దాన్ని ఓవర్‌టేక్ చేయాలనిపిస్తుంది. తొందరేం లేకపోతే వెనకే ఉండండి, మూడు సెకన్ల ఎడం పెట్టి. దాని టెయిల్ లైటు ఎగిరిన చోట గుంత ఉంది, పక్కకు జరిగిన చోట కుప్ప ఉంది.