ఫ్రీలాన్స్ ఖాతా సస్పెండైతే: అప్పీలు, కొత్త క్లయింట్ల వేట

అప్‌వర్క్, ఫైవర్ వంటి ఫ్రీలాన్స్ వేదికల మీద ఖాతా సస్పెండైతే కొత్త పని రావడం ఆగిపోతుంది, కొన్నేళ్లుగా కూడిన రేటింగులు కనపడకుండా పోతాయి, చేసిన పనికి రావాల్సిన డబ్బు కూడా ఇరుక్కోవచ్చు. ఈ వేదికల్లో డబ్బు వెంటనే చేతికి రాదు. ఫైవర్‌లో పని పూర్తయ్యాక సాధారణంగా 14 రోజులకు విడుదలవుతుంది. అప్‌వర్క్‌లో మొత్తం ముందే మాట్లాడుకున్న పనికి క్లయింట్ ఆమోదం తెలిపాక 5 రోజులు ఆగాలి, గంటల లెక్కన చేసిన పనికి ఆ వారం ముగిశాక సుమారు 10 రోజులు పడుతుంది. అందువల్ల ఖాతా ఏ రోజు ఆగినా కొంత సొమ్ము దారిలోనే ఉంటుంది.

నోటీసు రాగానే అందులో ఏముందో నిదానంగా చదవాలి. కొన్ని నోటీసులు గుర్తింపు పత్రం మాత్రమే అడుగుతాయి. అవి శిక్షలు కావు, తనిఖీలు. కొన్ని కొత్త పనులకు దరఖాస్తు చేయడాన్ని తాత్కాలికంగా ఆపుతాయి. మరికొన్ని ఖాతాను శాశ్వతంగా మూసినట్టు చెబుతాయి. ఏ నిబంధన ఉల్లంఘన అన్నారో దాన్నిబట్టే అప్పీలు రాయాలి. ఆ తర్వాత, లాగిన్ పనిచేస్తున్నంతలోనే ఒప్పందాలు, క్లయింట్లతో సంభాషణలు, చెల్లింపుల చరిత్ర, ఇన్వాయిస్‌లు డౌన్‌లోడ్ చేసుకోవాలి. లాగిన్ కూడా పోతే ఆ ఆధారాలు మళ్లీ దొరకడం కష్టం.

ఈ దశలో చాలామంది కొత్త ఈమెయిల్‌తో మరో ఖాతా తెరుస్తారు, లేదా తమ్ముడి పేరు మీదో బావమరిది పేరు మీదో ఉన్న ఖాతాలో పని మొదలుపెడతారు. ఒకరికి ఒకే ఖాతా అన్న నియమానికి ఇది విరుద్ధం. కంప్యూటర్, ఇంటర్నెట్ చిరునామా, బ్యాంకు ఖాతా, గుర్తింపు పత్రం వంటి వాటిలో పోలిక దొరికితే వేదిక రెండింటినీ కలిపి చూస్తుంది. అప్పుడు తాత్కాలికంగా ఆగిన ఖాతా శాశ్వతంగా పోవచ్చు, ఇచ్చినవారి ఖాతాకూ ముప్పు రావచ్చు.

తెలుగువారికి తరచుగా ఎదురయ్యే చిక్కు పేరులో ఉంటుంది. పాన్ కార్డులో ఇంటిపేరు ముందు, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరుకు బదులు ఒక్క అక్షరం, ఆధార్‌లో నడిమి పేరుతో సహా పూర్తి పేరు, ప్రొఫైల్‌లో పిలుపు పేరు ఉంటాయి. తనిఖీ చేసేవారికి ఇవి వేర్వేరు మనుషుల పేర్లలా కనిపిస్తాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు, సొంత పేరుకు వేర్వేరు గడులు ఉంటాయి కాబట్టి, అది ఉంటే దాన్నే ఆధారంగా పంపడం మేలు. తెలుగు నాట ఇంటిపేరు ముందు రాస్తారని, ఈ పత్రాలన్నీ ఒకే వ్యక్తివని అప్పీలులో రెండు వాక్యాల్లో వివరించాలి.

నియమోల్లంఘన ఆరోపణ అయితే అప్పీలు తీరు మారుతుంది. గుంటూరులో ఉండే ఒక లోగో డిజైనర్‌ను ఉదాహరణగా ఊహించుకుందాం. నెలకు వచ్చే 60,000 రూపాయల్లో 50,000 అప్‌వర్క్ నుంచే వస్తున్నాయి. 2025 జూన్‌లో ఒక కొత్త క్లయింట్ అడగగానే, ఒప్పందం కుదరకముందే ఆమె వాట్సాప్ నంబరు పంపింది. వేదిక బయట డబ్బు తీసుకోవడానికి ప్రయత్నించిందన్న అనుమానంతో ఖాతా ఆగింది. అప్‌వర్క్ నియమాల ప్రకారం ఒప్పందం మొదలయ్యాక ఇతర మార్గాల్లో మాట్లాడుకోవచ్చు గానీ, అంతకుముందు ఫోన్, ఈమెయిల్ వివరాలు ఇచ్చుకోకూడదు. డబ్బు మాత్రం ఎప్పుడైనా వేదిక ద్వారానే రావాలి.

ఆమె తన కుటుంబ ఇబ్బందులు, కోపం ఏకరువు పెట్టినందువల్ల లాభం లేదు. అప్పీలు చూసేవారికి కావాల్సింది తేల్చుకోదగిన సమాచారం. ఏ తేదీన, ఏ సంభాషణలో నంబరు పంపిందో ముందే ఒప్పుకోవాలి. ఆ క్లయింట్ నుంచి బయట ఒక్క రూపాయి కూడా తీసుకోలేదని చెప్పి, వేదికలో ఉన్న పూర్తి సంభాషణను చూపాలి. మిగతా ఒప్పందాలన్నింటికీ చెల్లింపులు వేదికలోనే జరిగాయని గుర్తు చేయాలి. ఇకపై ఒప్పందానికి ముందు మాటలన్నీ వేదికలోని మెసేజ్‌లకే పరిమితం చేస్తానని రాయాలి. ఇదంతా ఒక పేజీ దాటకూడదు. చేయని తప్పు ఒప్పుకోవడం, చేసిన తప్పు దాచడం రెండూ చేటే. వేదిక దగ్గర సంభాషణ రికార్డు ఉంటుంది.

అప్పీలును నోటీసులో చూపిన దారిలోనే, అదే టికెట్ మీద పంపాలి. రోజుకొక కొత్త టికెట్ తెరిస్తే విషయం చెల్లాచెదురవుతుంది. తిరస్కరిస్తే రెండోసారి అడగవచ్చు గానీ, కొత్త ఆధారం ఉన్నప్పుడే దానికి విలువ. ఐరోపా యూనియన్‌లో నివసించే తెలుగువారికి కొంత అదనపు రక్షణ ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన డిజిటల్ సర్వీసెస్ చట్టం ప్రకారం వేదిక కారణం చెప్పాలి. చిన్న, మరీ చిన్న సంస్థలు కాని వేదికలు కనీసం 6 నెలలపాటు ఫిర్యాదు చేసుకునే వీలు కల్పించాలి.

జవాబు కోసం ఎదురుచూసే కాలంలోనే వేరే క్లయింట్లను వెతకాలి. అయితే ఈ వెతుకులాటే అప్పీలును దెబ్బతీయగలదు. వేదికలో పరిచయమైన క్లయింట్‌తో, పరిచయమైన నాటి నుంచి 24 నెలల వరకు బయట లావాదేవీ చేయకూడదని అప్‌వర్క్ షరతు. కాదనుకుంటే నిర్ణీత రుసుము కట్టి ఆ బంధం నుంచి బయటపడాలి. ఖాతా ఆగినంత మాత్రాన ఈ షరతు పోయిందనుకోకూడదు. బయట డబ్బు తీసుకుందన్న అనుమానంతోనే ఖాతా ఆగిన మనిషి పాత క్లయింట్లకు నేరుగా ఇన్వాయిస్ పంపితే ఆ అనుమానం రుజువైనట్టే.

కాబట్టి గుంటూరు డిజైనర్ ముందు పాత క్లయింట్ల జాబితా రాసుకుని, పరిచయమైన తేదీలు పక్కన వేసుకోవాలి. 2022 ఫిబ్రవరిలో పరిచయమైన క్లయింట్‌కు గడువు 2024లోనే ముగిసింది కనుక అతన్ని నేరుగా సంప్రదించవచ్చు. 2024 ఆగస్టులో పరిచయమైన క్లయింట్‌కు 2026 ఆగస్టు వరకు గడువుంది, కనుక అప్పటిదాకా రుసుము కట్టకుండా నేరుగా పని తీసుకోకూడదు. వేదికతో సంబంధం లేకుండా తెలిసినవారికి ఈ లెక్క వర్తించదు. పాత సహోద్యోగులు, ఊళ్లోని ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులు, పని ఎక్కువై బయటికిచ్చే డిజైన్ ఏజెన్సీలు ఈ కోవలోకి వస్తారు. తొందరగా పని దొరికే అవకాశం ఏజెన్సీల దగ్గరే ఎక్కువ. వాళ్లకు క్లయింట్లు ముందే ఉంటారు, కావాల్సింది చేతులు. రేటు తక్కువైనా పని క్రమంగా వస్తుంది. వారికి చూపే నమూనాల్లో గోప్యత ఒప్పందం ఉన్న పనులు ఉండకూడదు.

నేరుగా వచ్చే పనిలో వేదిక చేసే కాపలా ఉండదు. అందుకే పని పరిధి, ఎన్ని సవరణలు, ఎప్పుడెంత చెల్లింపు అన్నవి ఈమెయిల్‌లో రాసుకుని, సగం డబ్బు ముందే తీసుకోవడం మంచిది. 12,000 రూపాయల లోగోకు 6,000 ముందుగా తీసుకుంటే, క్లయింట్ మాయమైనా నష్టం సగంతో ఆగుతుంది. విదేశీ సొమ్ము వస్తే బ్యాంకుకు సరైన పర్పస్ కోడ్ చెప్పి, సొమ్ము అందినట్టు ధ్రువపత్రం తీసుకోవాలి. ఎగుమతి ఆదాయానికి అదే రుజువు.

ఖాతా తిరిగి తెరుచుకుంటే, ఆగిపోయిన ఒప్పందాలు, నిలిచిన సొమ్ము ఏ స్థితిలో ఉన్నాయో ముందు చూసుకోవాలి. కొత్తగా కుదిరిన ఏజెన్సీ పనిని వదులుకోకూడదు. ఆమె ఆదాయంలో ఆరింట అయిదు వంతులు ఒకే ఖాతా మీద ఆధారపడటమే అసలు ప్రమాదం, ఆ వాటా సగానికి తగ్గితే మరో సస్పెన్షన్ వచ్చినా ఇల్లు గడుస్తుంది. ఖాతా తెరుచుకోకపోతే నిలిచిన సొమ్ము విడుదల కోసం విడిగా రాతపూర్వకంగా అడగాలి. గడువు ముగిసే కొద్దీ జాబితాలోని పాత క్లయింట్లను ఒక్కొక్కరినే నేరుగా సంప్రదించాలి.