పల్లం తెగితే జాగ్రత్త

పెరిగే మార్కెట్ శిఖరం తర్వాత కొంత దిగి, పాత పల్లం కంటే పైనే ఆగి, కొత్త శిఖరానికి వెళుతుంది. 2024 ఆగస్టు మొదట్లో నిఫ్టీ 25,000 దాటి, 23,900 దగ్గరికి దిగింది. అక్కడి నుంచి సెప్టెంబరు 27న 26,277కి చేరింది. అంటే 23,900 ఆ పరుగుకు కీలకమైన పల్లం.

నవంబరు 13న నిఫ్టీ 23,559 దగ్గర ముగిసింది. పల్లం తెగింది. మధ్యలో కాసేపు కిందికి జారి తేరుకోవడం వేరు, రోజు ముగింపే కింద ఉండటం వేరు. నేను ముగింపునే నమ్ముతాను.

అయినా అది పతనానికి రుజువు కాదు, పెరుగుదల క్రమం చెడిందన్న హెచ్చరిక మాత్రమే. తర్వాతి శిఖరాన్ని చూడాలి. డిసెంబరులో నిఫ్టీ 24,800 దాటినా పాత శిఖరాన్ని అందుకోలేదు. 2025 మార్చికల్లా 22,000 కంటే దిగువకు జారింది. ఒక్కోసారి తెగిన పల్లం పైకి ధర వెంటనే తిరిగొస్తుంది కాబట్టి, ఈ గుర్తు ఒక్కటే చూసి సొమ్మంతా కదపకండి.