ఫోను కింది రూటర్‌నే ఎందుకు పట్టుకు వేలాడుతుంది?

మేడ మీదకు నెట్ సరిగ్గా రావడం లేదని రెండో వైఫై పెట్టించిన ఇళ్లలో తరచూ ఒక ఫిర్యాదు వినబడుతుంది. కొత్త పెట్టె పడగ్గది గోడకే ఉంటుంది, దాని లైటూ వెలుగుతుంటుంది. అయినా ఫోనులో వీడియో ఆగి ఆగి నడుస్తుంది. చూస్తే ఆ ఫోను ఇంకా కింద హాల్లో ఉన్న రూటర్‌కే కనెక్టయి ఉంటుంది. పెట్టినతన్ని పిలిస్తే, "కింద రూటర్ పవర్ చాలట్లేదండీ, ఇంకాస్త పెద్దది తీసుకోండి" అంటాడు. ఆ మాట విని పెద్దది కొంటే సమస్య తగ్గదు సరికదా, పెరుగుతుంది.

కారణం తెలియాలంటే ముందు ఒక సంగతి గమనించాలి. ఏ వైఫైకి కనెక్టవ్వాలో, ఎప్పుడు మారాలో నిర్ణయించేది రూటర్ కాదు, ఫోను. సెల్ టవర్ల విషయంలో ఇలా ఉండదు. కారులో విజయవాడ నుంచి గుంటూరు వెళ్తూ మాట్లాడుతుంటే, మన ఫోను ఏ టవర్ ఎంత బలంగా అందుతోందో కొలిచి చెబుతుంది. ఇక ఈ టవర్ వదిలి ఆ టవర్‌కు వెళ్లమని ఆజ్ఞ ఇచ్చేది నెట్‌వర్కే. వైఫైలో ఆ పెత్తనం మొదటినుంచీ ఫోనుకే వదిలేశారు. పైగా ఫోను ఎప్పుడూ "అన్నిటికంటే మంచిది ఏది?" అని వెతకదు. "ఇప్పుడున్నది పనికొస్తోందా?" అని మాత్రమే చూసుకుంటుంది. పనికొస్తున్నంత సేపూ పక్కన ఎంత మంచిది ఉన్నా అటు తిరిగి చూడదు.

అలా చూడకపోవడానికి న్యాయమైన కారణమే ఉంది. వైఫై రేడియో ఒకసారికి ఒక చానల్ మీదే వింటుంది. చుట్టుపక్కల ఏమున్నాయో చూడాలంటే, చేస్తున్న పని ఆపి ఒక్కో చానల్‌కూ వెళ్లి ఆగి వినాలి. రూటర్లు "నేనిక్కడ ఉన్నాను" అంటూ మామూలుగా సెకనులో పదో వంతుకు ఒకసారి సంకేతం పంపుతాయి. ఆ సంకేతం కోసం కాచుకోవాల్సిన చానల్ ప్రతిదాని దగ్గరా దాదాపు అంతసేపూ ఆగాలి. 5 గిగాహెర్ట్జ్‌లో రాడార్లతో పంచుకునే చానళ్లు కొన్నుంటాయి. వాటిలో ఫోను ముందుగా పలకరించకూడదు, విని ఊరుకోవాలి. ఈ వెతుకులాట మాటిమాటికీ జరిగితే వీడియో కాల్ తెగుతుంది, బ్యాటరీ కరుగుతుంది. అందుకే తయారీదారులు ఒక గీత గీసి, సిగ్నల్ దానికంటే దిగితేనే వెతకమని ఫోనుకు చెబుతారు.

సిగ్నల్ బలాన్ని dBm అనే కొలతలో చెబుతారు. అన్నీ మైనస్ అంకెలే. సున్నాకు దగ్గరైనకొద్దీ బలం ఎక్కువ. రూటర్ పక్కనే నిలబడితే మైనస్ 30, 35 కనిపిస్తుంది. మైనస్ 67 దాకా వీడియో కాల్ హాయిగా నడుస్తుంది. మైనస్ 80 దాటితే కష్టం. 10 తగ్గిందంటే బలం పదో వంతుకు పడిపోయినట్టు. ఆపిల్ తన ఐఫోను గీతను బయటికే చెప్పింది, అది మైనస్ 70. సిగ్నల్ అంతకంటే దిగాకే ఐఫోను వెతకడం మొదలుపెడుతుంది. వెతికి కనిపించినదానికల్లా పోదు. ఫోను పనిలో ఉంటే కొత్తది పాతదానికంటే కనీసం 8 ఎక్కువ ఉండాలి, ఊరికే ఉంటే 12 ఎక్కువ ఉండాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ అంకెలు ఒక్కో తయారీదారువి ఒక్కోలా ఉంటాయిగానీ, పద్ధతి ఇదే.

తెనాలిలో మా పిన్నివాళ్లది కింద ఒకటి, పైన ఒకటి రెండంతస్తుల ఇల్లు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, మధ్యలో స్లాబు. ఫైబర్ కేబుల్ కింద హాల్లోకి వస్తుంది, రూటర్ అక్కడే. మేడ మీద పడగ్గదిలోకి కేబుల్ లాగి కొత్త యాక్సెస్ పాయింట్ పెట్టించారు. పేరూ పాస్‌వర్డూ రెంటికీ ఒకటే. కొత్తదానిలో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఆన్ చేశారు, కింది రూటర్‌లో 2.4, 5 రెండూ ఉన్నాయి. "పైన డబ్బా ఎదురుగా కూర్చున్నా మీ తమ్ముడి ఫోను కిందదాన్నే పట్టుకుంటోందిరా, ఒకసారి వచ్చి చూడు" అని పిన్ని ఫోన్ చేసింది. తమ్ముడిది ఐఫోను. నా ఆండ్రాయిడ్ ఫోనులో సిగ్నల్ చూపించే యాప్ పెట్టుకుని, తమ్ముడితో పాటే హాల్లోంచి మేడ మీదకు నడిచాను.

హాల్లో ఫోను కింది రూటర్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉంది, సిగ్నల్ మైనస్ 45. మెట్ల మలుపు దగ్గరికి వచ్చేసరికి అది మైనస్ 72కు పడిపోయింది. గీత దాటింది కాబట్టి ఐఫోను వెతుకుతుంది. ఆ చోట దానికి రెండు దొరుకుతాయి. పై పెట్టె ఇంకా గోడ చాటునే ఉంది, మైనస్ 70. కింది రూటర్‌దే 2.4 గిగాహెర్ట్జ్ మాత్రం మైనస్ 55. 2.4 తరంగాలు గోడలనూ స్లాబునూ 5 కంటే తేలిగ్గా దాటుతాయి. ఐఫోను లెక్క ప్రకారం పై పెట్టె పాతదానికంటే 2 మాత్రమే ఎక్కువ, 2.4 అయితే 17 ఎక్కువ. సహజంగానే 2.4కు మారింది. ఆ క్షణానికి అది సరైన నిర్ణయమే.

ఇక పడగ్గదిలోకి వెళ్లాక కింది 2.4 మైనస్ 68 దగ్గర నిలిచింది. గీతకు రెండు అంకెలు పైన. కాబట్టి ఫోను ఇంకోసారి వెతకదు. తలపక్కనే మైనస్ 42తో కొత్త పెట్టె ఉన్నా, దాన్ని చూడాల్సిన అవసరమే ఫోనుకు కలగలేదు. గంటసేపు కూర్చున్నా అలాగే ఉంటుంది.

మైనస్ 68 మరీ చెడ్డది కాదు కదా, వీడియో ఎందుకు ఆగాలి? రెండు కారణాలు. 2.4లో ఒకదానితో ఒకటి కలవని చానళ్లు 1, 6, 11 అని మూడే. వాటిలో ఇరుగుపొరుగు రూటర్లన్నీ తోసుకుంటుంటాయి. రెండోది, రూటర్ గట్టిగా పంపగలదుగానీ ఫోను అంత గట్టిగా పంపలేదు. దాని యాంటెన్నా చిన్నది, బ్యాటరీ పొదుపు చూసుకోవాలి. రూటర్ ఫోనుకు మైనస్ 68తో అందుతున్నా, ఫోను రూటర్‌కు అంతకంటే బాగా తక్కువగా అందుతుంది. ఫోను పంపింది అటు చేరక, మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తుంది. తెర మీది గీతలు ఒకవైపు కథే చెబుతాయి. అవి నిండుగా కనిపిస్తున్నా నెట్ నడవకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. నష్టం ఆ ఫోనుతో పోదు కూడా. ఒక చానల్ మీద ఒకసారికి ఒకరే మాట్లాడాలి కాబట్టి, నెమ్మదిగా పంపే ఫోను ఎక్కువసేపు చానల్‌ను పట్టుకుని కింద టీవీనీ ఆపుతుంది.

పెద్ద రూటర్ కొనడం ఎందుకు తప్పో ఇప్పుడు తెలుస్తుంది. కింది రూటర్ ఇంకా గట్టిగా పంపితే పడగ్గదిలో మైనస్ 68 కాస్తా మైనస్ 62 అవుతుంది. ఫోను గీతకు ఇంకా దూరమై మరింత గట్టిగా అతుక్కుంటుంది. ఫోను గొంతు మాత్రం అంతే ఉంటుంది. చేయాల్సింది దానికి సరిగ్గా తలకిందులు, కింది రూటర్ గొంతు తగ్గించాలి. చాలా రూటర్ల సెట్టింగుల్లో వైర్‌లెస్ పేజీలో `Transmit Power` అని ఉంటుంది, అందులో `High`, `Medium`, `Low` ఉంటాయి. 2.4కూ 5కూ విడివిడిగా మార్చుకోవచ్చు.

పిన్నివాళ్లింట్లో 2.4ను ముందు `Low`కు దించాం. పడగ్గదిలో మైనస్ 78 అయింది, తమ్ముడి ఫోను వెంటనే పై పెట్టెకు మారింది. కానీ కాసేపటికి బాబాయి వచ్చి గేటు కెమెరా ఆగిపోయిందన్నారు. ఆ కెమెరాకు 2.4 ఒక్కటే తెలుసు, అంతదూరం ఇప్పుడు చేరడం లేదు. `Medium`కు తెచ్చాం. కెమెరా తిరిగి వచ్చింది, పడగ్గదిలో మైనస్ 73 కనిపించింది. గీతకు మూడు అంకెలు కింద, సరిపోయింది. మెట్ల మలుపులో ఫోను ఇప్పటికీ 2.4నే పట్టుకుంటుంది, కానీ గదిలో అడుగుపెట్టిన కాసేపటికి వదిలేస్తుంది. అంతకంటే మెరుగు కావాలంటే పై పెట్టెను మెట్లకు కనిపించేలా వరండా వైపు జరపాలి.

మీ ఇంట్లోనూ ఇదే జబ్బో కాదో తేల్చుకోవడానికి యాప్ కూడా అక్కర్లేదు. మేడ మీద కూర్చుని ఫోనులో వైఫై ఆపి, మళ్లీ వేయండి. కొత్తగా కనెక్టయ్యేటప్పుడు ఫోను చుట్టూ ఉన్నవన్నీ చూసి మంచిదాన్ని ఎంచుకుంటుంది. వెంటనే వేగం పుంజుకుంటే జబ్బు అతుక్కోవడమే. విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి:

```
netsh wlan show interfaces
```

అందులో `BSSID` అన్న వరుస చూడాలి. రెండు పెట్టెలకూ వైఫై పేరు ఒకటే అయినా ఈ నంబరు వేరుగా ఉంటుంది. కింద ఒకసారి, మేడ మీద ఒకసారి చూస్తే ల్యాప్‌టాప్ మారిందో లేదో తెలిసిపోతుంది.

పేర్ల విషయంలో చాలామంది చేసే పొరపాటు, పైదానికి "అప్‌స్టెయిర్స్" అని వేరే పేరు పెట్టడం. పేరు వేరైతే ఫోను దాన్ని మరో నెట్‌వర్క్‌గా లెక్కేసుకుని, కిందది దాదాపు తెగిపోయేదాకా అటు వెళ్లదు. పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం మూడూ ఒకటే ఉండాలి, చానళ్లు మాత్రం వేరుగా ఉండాలి. పాత రూటర్‌నే పైన వాడుకుంటుంటే దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే అది సొంతంగా అడ్రసులు పంచుతుంది, ఫోను పైకి మారిన ప్రతిసారీ దాని అడ్రసు మారి, నడుస్తున్న కాల్ తెగుతుంది.

మెష్ సెట్ల పెట్టెల మీద 802.11k, v, r అని రాసి ఉంటుంది. k అంటే పక్కన ఏయే పెట్టెలు ఏయే చానళ్లలో ఉన్నాయో రూటర్ ఫోనుకు జాబితా ఇవ్వడం, వెతుకులాట తగ్గుతుంది. v అంటే ఫలానాదానికి మారితే మంచిదని సూచించడం. r అంటే మారేటప్పుడు తాళంచెవుల మార్పిడి త్వరగా ముగించడం. ఉంటే మంచివే. అయితే v ఇచ్చేది సలహా మాత్రమే, ఫోను వినకపోవచ్చు. వినని ఫోన్లను బలవంతంగా తెంచేసే సెట్టింగు కొన్నిటిలో ఉంటుంది. దాన్ని నేను చివరి మందుగానే వాడతాను. తెంచిన ఫోను మళ్లీ అదే రూటర్ తలుపు తట్టి, మళ్లీ తెగి, అలా తిరుగుతూ ఉండిపోతే ఇంట్లోవాళ్లకు ముందున్నదే నయమనిపిస్తుంది.

వైఫై ఆపి వేసినా మేడ మీద వేగం రాకపోతే మాత్రం ఫోనును అనుమానించకండి. పై పెట్టెకు వచ్చే కేబుల్‌నో, కేబుల్ లేకుండా గాలిలోనే కింది రూటర్ నుంచి అందుకుంటుంటే ఆ లింకునో చూడాలి. ల్యాప్‌టాప్‌ను నేరుగా ఆ పెట్టెకు వైరుతో కలిపి వేగం కొలిస్తే తప్పు ఎటువైపుందో తేలుతుంది.