రెండేళ్లు బాడుగ పెంచవద్దని కోరే ఉత్తరం: ఎప్పుడు, ఎలా వ్రాయాలి?

మన సరిహద్దు ఊళ్లలో అంగడి పెట్టుకున్న కుటుంబాలలో చాలామందికి సొంత మళిగె ఉండదు. బాడుగ కరారు గడువు ముగిసే వేళకు యజమాని ఇంటికి వెళ్లి మాట్లాడి వస్తారు. "కానీలే అప్పా, నీవెక్కడికి పోతావు" అని ఆయన అంటే పని ముగిసిందని భావిస్తారు. కరారు ముగిసిన తరువాత ఆ మాటకు ఉండే బలం చాలా తక్కువ. రెండేళ్లు పాత బాడుగే ఉంచమని కోరదలచినవారు దానిని ఉత్తరంలో అడిగి, పత్రంలో వ్రాయించుకోవాలి. అది ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

బళ్ళారిలో ఒక బట్టల అంగడి ఉన్నదనుకుందాం. నెల బాడుగ 12,000 రూపాయలు, అడ్వాన్సు 60,000. ఐదేళ్ల కరారు మార్చి 31తో ముగుస్తుంది. యజమాని ఏటా 600 చొప్పున పెంచుతానంటున్నారు. వీధిలో మురుగుకాలువ పనుల వలన అంగడిదారునికి వ్యాపారం తగ్గింది. మరో ఐదేళ్లు కరారు కావాలి, కాని మొదటి రెండేళ్లు బాడుగ పెరగకూడదు. ఇదీ ఆయన కోరిక.

మొదట గడువు సంగతి. మార్చి 31 దాటినా అంగడిదారు అక్కడే ఉండి, యజమాని ఏప్రిల్ బాడుగ పుచ్చుకున్నారనుకోండి. కరారు మళ్లీ ఐదేళ్లకు పెరిగినట్లు మనవారు భావిస్తారు. అది సరికాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 116వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, అటువంటి అంగడి నెలనెలా సాగే బాడుగగా మారుతుంది. 106వ సెక్షను ప్రకారం దానిని 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. నోటీసు తరువాత కూడా బలవంతంగా ఖాళీ చేయించరాదు, కోర్టుకు వెళ్లవలసిందే. అయినా ఐదేళ్ల భరోసా మాత్రం పోయినట్లే. అందువలన ఉత్తరం డిసెంబరు నెలాఖరులోగా చేరాలి. పాత కరారులో పునరుద్ధరణకు ప్రత్యేక గడువు వ్రాసి ఉంటే దానినే పాటించాలి.

ఇక లెక్క. యజమాని కోరినట్లయితే ఐదేళ్ల నెల బాడుగలు వరుసగా 12,600, 13,200, 13,800, 14,400, 15,000. ఐదేళ్ల మొత్తం 8,28,000. అంగడిదారు తన ఉత్తరంలో ఇలా ప్రతిపాదించవచ్చు: మొదటి రెండేళ్లు 12,000, మూడవ యేడు 13,500, నాలుగవ యేడు 14,250, ఐదవ యేడు 15,000. మొత్తం 8,01,000. యజమానికి తగ్గేది 27,000. ఇందులో 21,600 మొదటి రెండేళ్లలోనే తగ్గుతుంది. ఐదవ యేట రెండు లెక్కలూ కలుస్తాయి. యజమాని దృష్టిలో ముఖ్యమైనది ఇదే. ఎందుకంటే తరువాతి కరారుకు బేరం ఆ చివరి బాడుగ నుండే మొదలవుతుంది. తగ్గిన సొమ్ముకు బదులుగా షట్టరు, నేల మరమ్మతులను అంగడిదారు తన ఖర్చుతో చేయిస్తానంటే కోరిక న్యాయంగా కనిపిస్తుంది.

ఉత్తరం ఈ విధంగా ఉండవచ్చు:

"గౌరవనీయులైన యజమాని గారికి నమస్కారములు. తమ మళిగెలో నేను నడుపుచున్న బట్టల అంగడి కరారు వచ్చే మార్చి 31తో ముగియనున్నది. గడచిన ఐదేళ్లలో ప్రతి నెల బాడుగ గడువులోగా చెల్లించియున్నాను. వీధిలో కాలువ పనుల వలన వ్యాపారము తగ్గినందున, ఏప్రిల్ 1 నుండి ఐదేళ్లకు కరారు పునరుద్ధరించి, మొదటి రెండేళ్లు నెలకు 12,000 రూపాయలే బాడుగగా ఉంచవలసినదిగా కోరుచున్నాను. మూడవ యేడు 13,500, నాలుగవ యేడు 14,250, ఐదవ యేడు 15,000 చెల్లించగలను. మొదటి రెండేళ్లకు సంబంధించి పెంపు బకాయి ఏదియు ఉండదు. షట్టరు, నేల మరమ్మతులు 20,000 రూపాయల వరకు నా ఖర్చుతో చేయించెదను, ఆ సొమ్మును తిరిగి అడుగను. తమ వద్ద ఉన్న 60,000 రూపాయల అడ్వాన్సు క్రొత్త కరారునకు కొనసాగవలెను. పత్రమును రిజిస్టరు చేయించు ఖర్చు నేనే భరించెదను. జనవరి 31లోగా తమ అభిప్రాయము వ్రాతపూర్వకముగా తెలుపగోరుచున్నాను."

ఇందులో ఒక వాక్యాన్ని గమనించండి: "పెంపు బకాయి ఏదియు ఉండదు." కొందరు "బాడుగ పెంపును రెండేళ్లు వాయిదా వేయగలరు" అని వ్రాస్తారు. వాయిదా అంటే తరువాత చెల్లిస్తామని అర్థం వస్తుంది. మూడవ యేట యజమాని ఆ 21,600 అడిగితే జవాబు చెప్పడం కష్టం. అలాగే "మూడవ యేటి నుండి వాడుక ప్రకారం పెంపు" అనీ వ్రాయకూడదు. ఆ పెంపును 12,000 మీద లెక్కించాలా, పెంచి ఉంటే రెండవ యేటికి చేరవలసిన 13,200 మీదనా అన్న తగవు వస్తుంది. ఏ యేటికి ఎంతో అంకెలలో వ్రాస్తే ఆ చిక్కు ఉండదు.

ఉత్తరం రెండు ప్రతులు వ్రాసి, ఒకదానిపై యజమాని సంతకం, తేదీ తీసుకోవాలి. ఆయన సంతకం చేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి.

అయితే యజమాని ఉత్తరం క్రింద "సమ్మతమే" అని వ్రాసి ఇచ్చినా పని పూర్తి కాలేదు. అదే చట్టం 107వ సెక్షను ప్రకారం ఏడాదికి మించిన లీజు రిజిస్టరు పత్రంతోనే చెల్లుతుంది. రిజిస్టరు కాని పత్రాన్ని ఐదేళ్ల లీజుకు రుజువుగా కోర్టు స్వీకరించదు. మన ప్రాంతంలో పదకొండు నెలల కరారులు వాడుకలో ఉన్నది రిజిస్ట్రేషను తప్పించుకోవడానికే. పదకొండు నెలల పత్రంపై సంతకం చేసి రెండేళ్ల బాడుగకు మాట మాత్రమే తీసుకుంటే, పన్నెండవ నెలలో ఆ మాటకు ఆధారం ఉండదు. స్టాంపు, రిజిస్ట్రేషను రుసుములు ఎంతవుతాయో సబ్ రిజిస్ట్రారు కచేరిలో ముందే తెలుసుకుని, రెండేళ్లలో మిగిలే 21,600తో పోల్చి చూసుకోవడం మంచిది.

తమిళనాడు, మహారాష్ట్ర పాఠకులకు నియమం మరింత గట్టిది. తమిళనాడు పట్టణాలలో 2019 నుండి అమలులో ఉన్న 2017 నాటి చట్టం ప్రకారం బాడుగ ఒప్పందం ఎంత గడువుదైనా వ్రాతలో ఉండి, రెంట్ అథారిటీ వద్ద నమోదు కావాలి. మహారాష్ట్రలో 1999 నాటి అద్దె నియంత్రణ చట్టం 55వ సెక్షను కూడా వ్రాతను, రిజిస్ట్రేషనును తప్పనిసరి చేసింది.

చివరగా భాష సంగతి. ఉత్తరం తెలుగులో వ్రాసినా, బళ్ళారిలో పత్రం సాధారణంగా కన్నడంలో తయారవుతుంది. మాట్లాడటం వచ్చినా కన్నడ లిపి చదవలేని పెద్దలు మన ఇళ్లలో ఉన్నారు. సంతకానికి ముందు కన్నడం చదివిన పిల్లలచేతనైనా పత్రమంతా చదివించుకుని, ఐదేళ్ల ఐదు అంకెలు, అడ్వాన్సు మొత్తం, "బకాయి ఉండదు" అన్న వాక్యం ఉత్తరంలో ఉన్నట్లే ఉన్నాయేమో సరిచూసుకోవాలి. ఏ ఒక్కటి లేకపోయినా వ్రాయించిన తరువాతనే సంతకం చేయాలి.