మీటింగ్ మధ్యలో మాట తెగకుండా

వీడియో మీటింగులో "మీ గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది" అని అవతలివాళ్లు అన్నారంటే, చాలాసార్లు లోపం ఇంటి నుంచి బయటకు వెళ్లే దారిలో, అంటే అప్‌లోడ్‌లో ఉంటుంది. బ్రాడ్‌బ్యాండ్ ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది ఎక్కువగా డౌన్‌లోడ్ వేగం. ఫైబర్ కనెక్షన్లలో సాధారణంగా రెండూ సమానంగానే ఉంటాయి కానీ, పాత కేబుల్ లైన్లలో అప్‌లోడ్ బాగా తక్కువ.

నిజానికి మీటింగుకు కావలసింది పెద్దగా ఏమీ లేదు. పదిమంది ఉన్న మీటింగులో 720పి వీడియో పంపడానికి 3 ఎంబీపీఎస్ అప్‌లోడ్ దాదాపు సరిపోతుంది. ఇంట్లో ఇద్దరు ఒకేసారి మీటింగుల్లో ఉంటారనుకున్నా 10 ఉంటే చాలు. చిక్కంతా ఆ వేగం నిలకడగా అందకపోవడంలోనే. ఫోన్ ఫొటోలను క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెడితే రౌటర్ దగ్గర క్యూ పెరిగిపోతుంది, మాట ఆ క్యూలో చిక్కుకుంటుంది. ఇది తెలుసుకోవాలంటే fast.com తెరిచి Show more info నొక్కాలి. అప్‌లోడ్ వేగంతో పాటు Unloaded, Loaded అని రెండు లేటెన్సీలు కనిపిస్తాయి. మొదటిది 10 మిల్లీసెకన్లు ఉండి రెండోది వందలకు ఎగబాకితే, మీటింగు వేళల్లో క్లౌడ్ బ్యాకప్‌లు ఆపుకోవాలి. ప్లాన్ పెంచడం ఆ తర్వాతి మాట.

ఇక వైరు సంగతి. విజయవాడలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు ఒకటి అనుకుందాం. రౌటర్ హాల్లో టీవీ పక్కన, బల్ల వెనక గదిలో, మధ్యలో రెండు ఇటుక గోడలు. అమెరికా తూర్పు తీరంలో ఉదయం పదిన్నర మీటింగు అంటే వేసవిలో ఇక్కడ రాత్రి ఎనిమిది. సరిగ్గా అపార్ట్‌మెంటులో అందరి వైఫైలూ జోరుగా నడిచే వేళ. తప్పు వైఫైదా లైనుదా తేల్చడానికి విండోస్‌లో రెండు కమాండ్ ప్రాంప్ట్‌లు తెరిచి, ఒకదాంట్లో రౌటర్ చిరునామాకూ (చాలా ఇళ్లలో 192.168.1.1) మరొకదాంట్లో బయటి చిరునామాకూ పింగ్ పెట్టాలి.

```
ping -t 192.168.1.1
ping -t 8.8.8.8
```

రౌటర్ పింగే 2 నుంచి 150 మిల్లీసెకన్ల మధ్య ఎగిరెగిరి పడుతుంటే లోపం ఇంట్లోనే, వైఫైలోనే ఉంది. కంపెనీకి ఫోన్ చేసి ప్రయోజనం లేదు. రౌటర్ పింగ్ నిలకడగా ఉండి బయటిది మాత్రమే ఊగుతుంటే అప్పుడు లైనును అనుమానించాలి.

పై ఫ్లాటుకు 15 మీటర్ల క్యాట్ 6 కేబుల్ చాలు. గుమ్మం పక్కగా, స్కర్టింగ్ వెంట పీవీసీ కేసింగ్‌లో లాగితే కాళ్లకు అడ్డం రాదు. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం దూర్చకూడదు. చవగ్గా దొరికే కేబుళ్లలో రాగి పూత వేసిన అల్యూమినియం తీగలుంటాయి, అవి వంపుల దగ్గర తేలిగ్గా విరుగుతాయి. ల్యాప్‌టాప్‌కు పోర్టు లేకపోతే యూఎస్‌బీ-సీ ఈథర్నెట్ అడాప్టర్ కావాలి. పెట్టాక విండోస్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ చూడాలి. 1000 బదులు 100 అని ఉంటే కేబుల్లోని ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి ఆనడం లేదని అనుకోవచ్చు, లేదా రౌటర్ పోర్టే అంత. మీటింగుకు అదీ ఎక్కువే.

కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, రౌటర్ ఆరిపోతుంది. దానికో చిన్న డీసీ యూపీఎస్ తగిలిస్తే ఆ బెడద తప్పుతుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టేజీ (ఎక్కువగా 12) సరిపోతుందో లేదో చూసుకోవాలి.

అయినా వీధిలో తవ్వకాలకు ఫైబర్ తెగితే వైరూ యూపీఎస్సూ ఏమీ చేయలేవు. బాక్సు మీద ఎల్ఓఎస్ దీపం ఎర్రగా వెలిగిందంటే లోపలికి వెలుగు సంకేతం రావడం లేదని అర్థం. రౌటర్‌ను ఆపి ఆన్ చేస్తూ కూర్చోకుండా వెంటనే ఫోన్‌కు మారాలి. ఆ సిమ్ బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే కంపెనీది కాకుండా వేరేదైతే మంచిది, రెండూ ఒకేసారి పడిపోయే అవకాశం తగ్గుతుంది. హాట్‌స్పాట్‌ను వైఫై ద్వారా కాక యూఎస్‌బీ టెథరింగ్‌తో వాడితే గోడల గోల ఉండదు, ఫోన్ చార్జూ అవుతుంది. ఫోన్‌ను కిటికీ దగ్గర పెట్టాలి. రెండు సిమ్‌లున్న ఫోన్లలో రెండో సిమ్‌కు కాల్ వస్తే డేటా ఆగిపోవచ్చు, సెట్టింగ్స్‌లో ముందే చూసుకోవాలి.

డేటా లెక్క కూడా ఉంది. పోనూ రానూ కలిపి 2.4 ఎంబీపీఎస్ వాడే కాల్ గంటకు జీబీకి పైగా తింటుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ గంటన్నర కూడా రాదు. కెమెరా ఆపి మాటతో సరిపెట్టుకుంటే గంటకు వంద ఎంబీ లోపే. విండోస్‌లో ఆ నెట్‌వర్క్‌ను Metered connection గా గుర్తిస్తే చాలా అప్‌డేట్లు ఆగుతాయి. ఎర్ర దీపం ఆరిపోయాక కూడా మీటింగు ముగిసేదాకా టెథరింగ్ తీయకపోవడమే మేలు, ఎందుకంటే దారి మారిన ప్రతిసారీ కాల్ కొన్ని సెకన్లు తెగుతుంది, ఆఫీసు వీపీఎన్ ఉంటే మళ్లీ లాగిన్ కావలసి రావచ్చు.